పాతికేళ్ల ఉద్యోగాన్ని రెండు లైన్లలో చెప్పడం: సదస్సు ప్రోగ్రాంకి బయో ఎలా కుదించాలి

"రెండు లైన్లలో పరిచయం పంపమన్నారండీ. నా దగ్గర ఉన్నది రెండు పేజీలు. ఇందులో ఏం తీసెయ్యమంటారు?" సదస్సుల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న అడగనివాళ్లు ఉండరు. ప్రోగ్రాం పుస్తకం కూర్చే పని తరచూ నామీద పడుతుంది కాబట్టి, వక్తలు పంపేవి ఎలా ఉంటాయో, అచ్చుకి వెళ్లేటప్పటికి వాటికి ఏ గతి పడుతుందో దగ్గర్నుంచి చూస్తుంటాను. అందరికీ విడివిడిగా చెప్పే జవాబు ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను.

ముందు ఒక మాట. తీసెయ్యడంతో మొదలుపెడితే ఈ పని కాదు. రెండు పేజీల్లోంచి ఒక్కో వాక్యం కొట్టేస్తూ వస్తే అర పేజీ దగ్గర చెయ్యి ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ మిగిలినవన్నీ ముఖ్యమైనవిగానే కనిపిస్తాయి. రెండు లైన్లు కొత్తగా రాయాలి. పాత బయో అందుకు సరుకు మాత్రమే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- మీ పూర్తి బయో, ఎంత పొడవైనా సరే
- మీరు మాట్లాడబోయే అంశం, నిర్వాహకులు అచ్చు వేయబోయే శీర్షిక ఉన్నదున్నట్టుగా
- వినడానికి ఎవరొస్తున్నారో ఒక్క ముక్కలో
- అదే సదస్సు పోయిన ఏటి ప్రోగ్రాం. పీడీఎఫ్ అడిగితే పంపుతారు
- మీ రంగంతో సంబంధం లేని ఒక మనిషి, అయిదు నిమిషాలపాటు

ఉదాహరణకి ఒక కీటక శాస్త్రవేత్తను తీసుకుందాం. ఈమె నేను అల్లిన మనిషి, ఫలానా అని ఎవరినీ ఊహించుకోకండి. కానీ వ్యవసాయ విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే బయోలు అచ్చం ఇలాగే ఉంటాయి. ఈమె మాట్లాడబోయేది "మిరపలో నల్ల తామర పురుగు: మందుల ఖర్చు తగ్గించుకోవడం ఎలా" అనే అంశం మీద. వినేవాళ్లు మండల వ్యవసాయాధికారులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల వాళ్లు. ఆమె పంపిన బయో ఇదీ:

> బాపట్ల దగ్గర ఒక పల్లెలో రైతు కుటుంబంలో జన్మించారు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ, రాజేంద్రనగర్‌లో కీటకశాస్త్రంలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పూర్తి చేశారు. 1999లో వ్యవసాయ శాఖలో చేరి ప్రకాశం జిల్లాలో వ్యవసాయాధికారిగా నాలుగేళ్లు సేవలందించారు. 2003లో విశ్వవిద్యాలయంలో చేరి పత్తిలో గులాబీ రంగు పురుగుపై పరిశోధనలు చేశారు. 2014 నుంచి లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో మిరప పంటపై పరిశోధన చేస్తూ, ప్రస్తుతం ప్రధాన శాస్త్రవేత్తగా ఉన్నారు. 2021-22లో నల్ల తామర పురుగు ఉధృతి సమయంలో రైతుల పొలాల్లో సర్వే జరిపి, సస్యరక్షణ సూచనలు రూపొందించిన బృందానికి నాయకత్వం వహించారు. 46 పరిశోధన పత్రాలు, రెండు పుస్తకాలు ప్రచురించారు. ఆకాశవాణి రైతు కార్యక్రమాల్లో అనేక ప్రసంగాలు చేశారు. ఉత్తమ శాస్త్రవేత్త సహా పలు పురస్కారాలు అందుకున్నారు. మూడు వృత్తి సంఘాల్లో జీవితకాల సభ్యురాలు.

నిజానికి ఇది బాగా రాసిన బయోనే. ఉద్యోగం దరఖాస్తుకో, సావనీర్‌కో దీన్నే పంపొచ్చు. ప్రోగ్రాంకి మాత్రం పనికిరాదు.

1. నిర్వాహకుల్ని మూడు ప్రశ్నలు అడగండి

"రెండు లైన్లు" అంటే ఎంత? ఇది అడగకుండా రాయడం మొదలుపెట్టొద్దు. ప్రోగ్రాంలో వక్తల పరిచయాలు మామూలుగా రెండు చోట్ల వస్తాయి. వక్తల పేజీ విడిగా ఉంటే పేజీ నిండా పరుచుకునే లైన్లు దొరుకుతాయి. అలా కాకుండా సమయం, అంశం, వక్త అని గళ్లు గీసిన పట్టికలో మూడో గడిలోకి వెళ్తుందనుకోండి, అక్కడ లైనుకి మూడు నాలుగు మాటలే పడతాయి. మీరు రెండు లైన్లనుకుని పంపింది అక్కడ ఏడెనిమిది లైన్లయి కూర్చుంటుంది. అప్పుడు డీటీపీ చేసే అతను తనకి తోచిన చోట కత్తెర వేస్తాడు. పోయిన ఏటి ప్రోగ్రాం దగ్గరుంటే ఈ సంగతి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

రెండో ప్రశ్న: పేరు కింద హోదా, సంస్థ, ఊరు విడిగా వేస్తున్నారా? వేస్తున్నట్టయితే అవే ముక్కలు పరిచయంలో మళ్లీ రాసి స్థలం తగలేసుకోవద్దు. ఒక లైను మిగిలిందన్నమాట.

మూడోది: ప్రోగ్రాం తెలుగులోనా, ఇంగ్లీషులోనా, రెండింటిలోనా? రెండింటిలో అయితే రెండూ మీరే రాసి పంపండి. ఒకటి పంపితే రెండోది ఎవరో హడావుడిలో తర్జుమా చేస్తారు. కీటక శాస్త్రవేత్త కాస్తా పురుగుల నిపుణురాలు అయిపోతుంది.

సంఖ్య ఏదీ చెప్పకపోతే తెలుగులో పాతిక నుంచి ముప్ఫై మాటలు అనుకుని రాయండి. ఇంగ్లీషులో నలభై మాటలు పట్టే సంగతి మనకి ముప్ఫైలోపే వచ్చేస్తుంది, విభక్తులన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి.

2. కాగితం పైన అంశం రాయండి, దాని కింద ఒక ప్రశ్న రాయండి

ప్రశ్న ఇది: ఈ సంగతి ఈ మనిషి చెబితే ఎందుకు వినాలి?

ప్రోగ్రాం చేతిలో పట్టుకున్నవాడు మీ జీవితం తెలుసుకోవడానికి చూడటం లేదు. పక్క హాల్లో ఇంకో ప్రసంగం ఉంది, ఇందులోకి వెళ్లాలా అందులోకి వెళ్లాలా అని చూస్తున్నాడు. మీ రెండు లైన్లు అతనికి ఆ ఒక్క సాయం చేస్తే చాలు.

ఇప్పుడు పెద్ద బయోలోని ఒక్కో వాక్యాన్నీ ఈ ప్రశ్న ముందు నిలబెట్టండి. జవాబు చెప్పే వాక్యం కింద గీత గీయండి. చెప్పనిదాన్ని కొట్టెయ్యకండి, అలా వదిలెయ్యండి. కొట్టేస్తుంటే మనసు పీకుతుంది, గీత గీయడానికి అంత బాధ ఉండదు.

మన శాస్త్రవేత్త బయో చూద్దాం. రైతు కుటుంబంలో పుట్టడం మంచి సంగతే, కానీ ఆ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది రైతు కుటుంబాల వాళ్లే. గీత పడదు. చదువులు? పేరు ముందు డాక్టర్ అని వేస్తారు, ప్రధాన శాస్త్రవేత్త అంటున్నాం, చదువుకోకుండా అక్కడికి రారు కదా. గీత లేదు. పైగా కాలేజీల పేర్లు మొదలుపెడితే మరో తంటా. ఆమె చదివిన విశ్వవిద్యాలయం 1996కి ముందు ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఆ తర్వాత ఆచార్య ఎన్.జి. రంగా పేరు వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ తెలంగాణ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లింది. ఏ పట్టా మీద ఏ పేరుందో, ఇప్పుడు ఏ పేరు రాయాలో తేల్చడానికే రెండు లైన్లు చాలవు.

ప్రకాశం జిల్లాలో వ్యవసాయాధికారిగా పనిచేసిన నాలుగేళ్ల దగ్గర కొంచెం ఆగాలి. వినేవాళ్లలో సగం మంది వ్యవసాయాధికారులే. "ఈవిడ మనలో మనిషే" అనిపించే ముక్క అది. ఇలాంటివాటికి చుక్కల గీత గీసుకోండి, చోటు మిగిలితే చూద్దాం.

పత్తి పురుగు మీద పని విలువైనదే, కానీ ఈ అంశానికి సంబంధం లేదు. 2014 నుంచి మిరప: గీత. ప్రధాన శాస్త్రవేత్త, లాం: గీత. 2021-22 సర్వే, సూచనలు: రెండు గీతలు. 46 పత్రాలు: శాస్త్రవేత్తల సదస్సయితే ఆలోచించేవాళ్లం, రైతు సంఘాల వాళ్లకి ఆ అంకె ఏమీ చెప్పదు. పురస్కారాలు, సభ్యత్వాలు: గీత లేదు.

చూశారుగా, పది వాక్యాల్లో గీత పడింది రెండింటికే. దాదాపు అందరికీ ఇంతే మిగులుతుంది. మీ కాగితం మీద అయిదారు గీతలు పడ్డాయంటే ప్రశ్నని మీరు "నా గురించి ఏం చెప్పుకోవాలి" అని మార్చేసుకున్నారన్నమాట. పైన రాసుకున్న అంశం మరోసారి చదివి, మళ్లీ మొదలుపెట్టండి.

3. మొదటి లైను: ఇప్పుడు ఎవరు, దేనిమీద పని

ఇప్పటి హోదా ఒకటి, సంస్థ ఒకటి, పనిచేసే విషయం ఒకటి. పాత హోదాలేవీ వద్దు. మీకు మూడు కుర్చీలున్నా (విభాగాధిపతి, ఫలానా కమిటీ సభ్యుడు, ఫలానా సంఘం కార్యదర్శి) అంశానికి దగ్గరగా ఉన్న కుర్చీ ఒక్కటే రాయండి.

> లాం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో ప్రధాన కీటక శాస్త్రవేత్త. 2014 నుంచి మిరప పురుగులపై పరిశోధన.

క్రియ లేకపోయినా వాక్యం నిలబడింది కదా. తెలుగులో ఉన్న ఈ సౌకర్యాన్ని వాడుకోండి. "శాస్త్రవేత్తగా విధులు నిర్వర్తిస్తున్నారు", "బాధ్యతలు నిర్వహిస్తున్నారు" లాంటివి రెండేసి మాటలు మింగుతాయి, కొత్తగా చెప్పేదేమీ ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. తన గురించి తానే "చేస్తున్నారు" అని రాసుకోవడానికి చాలామంది మొహమాటపడతారు, అలాగని "చేస్తున్నాను" అని రాస్తే ప్రోగ్రాంలో ఎబ్బెట్టుగా ఉంటుంది. క్రియే లేకపోతే ఆ గొడవే ఉండదు. క్రియ తప్పనిచోట "-రు" అనే రాయండి, అచ్చులో అందరికీ అదే వేస్తారు, ఎవరూ తప్పు పట్టరు. "గారు" మాత్రం మీరు రాయకండి, వేయాలనుకుంటే నిర్వాహకులే వేసుకుంటారు.

"గత పదేళ్లుగా" అనొద్దు, "2014 నుంచి" అనండి. మీరు పంపిన రెండు లైన్లు ఫోల్డర్లో ఉండిపోతాయి, వచ్చే ఏడు ఎవరో తీసి మళ్లీ వాడతారు. సంవత్సరం వేస్తే అప్పటికీ తప్పు కాదు.

సంస్థ లేనివాళ్లు, రిటైరైనవాళ్లు ఇక్కడ తడబడతారు. రిటైరైతే "విశ్రాంత" అని ముందు పెట్టి చివరి హోదా రాస్తే చాలు. స్వతంత్రంగా పనిచేసేవాళ్లు హోదా కోసం వెతుక్కుని "వ్యవస్థాపకులు, ముఖ్య కార్యనిర్వహణాధికారి" అని రాస్తుంటారు, సంస్థలో ఉన్నది తామొక్కరే అయినా. దానికంటే పని చెప్పడం మంచిది: "పోచంపల్లి ఇక్కత్ నేత కుటుంబాలతో కలిసి పనిచేసే డిజైనర్" అంటే మనిషి కళ్లముందు కనిపిస్తాడు.

4. రెండో లైను: ఒకే ఒక్క రుజువు

మొదటి లైను చదివినవాడికి "అయితే?" అనిపిస్తుంది. దానికి జవాబు ఈ లైను. చేసిన పని ఒకటి, వీలైతే ఎప్పుడు, ఎక్కడ. బిరుదు కాదు, పని.

> 2021-22లో నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు రైతుల పొలాల్లో సర్వే చేసి సస్యరక్షణ సూచనలు రూపొందించిన బృందానికి నాయకత్వం వహించారు.

మిరప పండించే మండలాల నుంచి వచ్చినవాళ్లకి ఆ ఏడు బాగా గుర్తు. పూతలోకి చేరి పూలన్నీ రాల్చేసిన పురుగు అది, మందు మీద మందు కొట్టినా లొంగక ఎంతోమంది తోటలు పీకేసుకున్నారు. అప్పుడు పొలాల్లో తిరిగిన మనిషి వచ్చి మాట్లాడుతోందంటే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. 46 పత్రాలు చేయలేని పని ఆ ఒక్క సంవత్సరం చేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్ద బయోలో "బృందానికి నాయకత్వం వహించారు" అని ఉన్నది కుదింపులో "సూచనలు రూపొందించారు" అయిపోతుంటుంది. మూడు మాటలు కలిసొస్తాయి, నిజమే. కానీ మిగతా బృందం అదే హాల్లో కూర్చుని ఉంటుంది. నాయకత్వం వహించి ఉంటే అలాగే రాయండి, సభ్యులైతే "బృందంలో సభ్యురాలు" అనండి. "తొలిసారిగా", "మొట్టమొదట", "కనుగొన్న" అనే మాటలు మీ దగ్గర కాగితం ఉంటే తప్ప ముట్టుకోకండి. ఈ నల్ల తామర పురుగే మన మిరపలో గోల చేసింది 2021లో అయినా, దేశంలో ఉన్నట్టు బెంగళూరులో బొప్పాయి మీద 2015లోనే నమోదైంది. "దేశంలో తొలిసారి గుర్తించిన" అని ఎవరైనా పొరపాటున రాస్తే, ఆ సంగతి తెలిసినవాడు హాల్లో ఒక్కడైనా ఉంటాడు.

అంశానికి సరిపడే రుజువు మీ దగ్గర లేకపోతే? కొత్త విషయం మీద మాట్లాడేవాళ్లకి ఇది మామూలే. అప్పుడు పాత పని నుంచి కొత్త అంశానికి ఒక వంతెన వేయండి. ఇదే శాస్త్రవేత్త రేపు రేడియోలో రైతులకి సలహాలు చెప్పడం గురించి మాట్లాడాల్సి వచ్చిందనుకోండి, అప్పుడు సర్వే వెనక్కి వెళ్తుంది, ఆకాశవాణి ముందుకొస్తుంది, వ్యవసాయాధికారిగా చేసిన నాలుగేళ్లకి కూడా పని పడుతుంది:

> లాంలో మిరప పురుగులపై పరిశోధన చేసే కీటక శాస్త్రవేత్త. అంతకుముందు ప్రకాశం జిల్లాలో వ్యవసాయాధికారి. పురుగుల ఉనికి, మందుల వాడకంపై ఆకాశవాణిలో రైతులకు సలహాలు ఇస్తుంటారు.

మనిషి అదే, బయో అదే. అంశం మారితే రెండు లైన్లూ మారతాయి. "ఒకసారి రాసి పెట్టుకుంటే ఎక్కడికైనా పంపొచ్చు కదా" అని అడుగుతుంటారు. పంపొచ్చు, కాకపోతే అది ఎక్కడా సరిగ్గా అతకదు.

5. లెక్కపెట్టండి

మన రెండు లైన్లూ కలిపి 28 మాటలు. ముప్ఫైలోపే ఉంది కాబట్టి సరిపోయింది.

ఆన్‌లైన్ ఫారంలో నింపమంటే మాత్రం ఇంకో చిక్కు. ఫారాలు మాటలు కాదు, అక్షరాలు లెక్కపెడతాయి. అది మన అక్షరం లెక్క కూడా కాదు. గుణింతం గుర్తునీ, పొల్లునీ, ఒత్తునీ, సున్నానీ విడివిడిగా లెక్కేస్తుంది. "శాస్త్రవేత్త" మనకి నాలుగక్షరాలు, ఫారంకి పన్నెండు. పైన రాసిన 28 మాటలు ఖాళీలతో కలిపి 228 అవుతాయి. ఫారంలో 250 అని ఉంటే బతికిపోయాం, 200 అని ఉంటే చివరి మాటలు నిశ్శబ్దంగా తెగిపోతాయి. కొన్ని ఫారాలు తెగినట్టు హెచ్చరిక కూడా ఇవ్వవు, కాబట్టి పంపాక ఒకసారి తెరిచి చివరి మాట ఉందో లేదో చూసుకోండి.

ఇంకా కుదించాల్సి వస్తే ఈ వరుసలో వెళ్లండి. మొదట విశేషణాలు తీసెయ్యండి. తర్వాత పేరు కింద ఎలాగూ అచ్చయ్యే హోదా, సంస్థ. ఆ తర్వాత "రూపొందించిన" లాంటి బరువు క్రియల బదులు "ఇచ్చిన" లాంటి తేలిక క్రియలు పెట్టండి. రుజువుని మాత్రం ఆఖరిదాకా పట్టుకోండి. గడిలో ఇరవై మాటలకే చోటుంటే:

> 2014 నుంచి లాంలో మిరప పురుగులపై పరిశోధన. 2021-22లో నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు పొలాల్లో సర్వే చేసి సస్యరక్షణ సూచనలు ఇచ్చిన బృందానికి నాయకురాలు.

ఇది 19 మాటలు. పోయిందేమైనా ఉందా? హోదా పోయింది, అది పేరు కిందే ఉంది.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది గొలుసు వాక్యం. "ఒక్క వాక్యంలో చెప్పమన్నారు" అనగానే ఇలా వస్తుంది:

> బాపట్లలో బీఎస్సీ చదివి, రాజేంద్రనగర్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసి, వ్యవసాయ శాఖలో చేరి, ఆ తర్వాత విశ్వవిద్యాలయానికి మారి, పత్తి, మిరప పంటలపై పరిశోధనలు చేసి, 46 పరిశోధన పత్రాలు ప్రచురించి, పలు అవార్డులు అందుకున్న ప్రముఖ శాస్త్రవేత్త.

చదివి, చేసి, చేరి, మారి, చేసి, ప్రచురించి. వ్యాకరణంగా ఒక్క వాక్యమే, అందులో అనుమానం లేదు. కానీ ఇది కుదింపు కాదు, పెద్ద బయోలోని చుక్కలు తీసేసి కామాలు పెట్టడం. చదివేవాడు చివరి మాట దాకా ఊపిరి బిగబట్టాలి, తీరా అక్కడ దొరికేది "ప్రముఖ శాస్త్రవేత్త". అతనికి కావలసిన మిరప మధ్యలో ఎక్కడో పత్తి పక్కన పడి ఉంది. మీ వాక్యంలో ఇలా "ఇ"తో ముగిసే క్రియలు రెండు దాటితే ఆపి, విడగొట్టండి.

రెండోది ప్రముఖ, సుప్రసిద్ధ, విశేష, బహుముఖ ప్రజ్ఞాశాలి కుటుంబం. ఒకే పేజీలో పదిమంది ప్రముఖులుంటే ఎవరూ ప్రముఖులు కారు. కూర్చేవాళ్లం మేమే తీసేస్తుంటాం, తీసేసినప్పుడు కొన్ని పరిచయాల్లో మిగిలేది పేరు ఒక్కటే.

ముందు డాక్టర్, వెనక పీహెచ్‌డీ రెండూ వేయడం, పొడి అక్షరాలు గుప్పించడం కూడా తరచూ చూస్తాను. "ఆర్‌ఏఆర్‌ఎస్‌లో పీఎస్" అంటే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో ప్రధాన శాస్త్రవేత్త అని విశ్వవిద్యాలయం వాళ్లకి తెలుస్తుంది, రైతు సంఘం అధ్యక్షుడికి పీఎస్ అంటే పోలీస్ స్టేషన్.

ఇక మీ పై అధికారి బయో కుదించే పని మీకు పడితే అదొక కష్టం. మన ఆఫీసుల్లో ఎక్కువగా జరిగేదే ఇది. అవార్డులు తీసేస్తే సార్ ఏమంటారో అని భయం, ఉంచితే రెండు లైన్లు పది లైన్లవుతాయి. రెండు లైన్లు ఒక్కటే చూపించకండి, పెద్ద బయో "సావనీర్‌కి", రెండు లైన్లు "ప్రోగ్రాంకి" అని రెండూ ఒకే కాగితం మీద పెట్టి తీసుకెళ్లండి. అవార్డులు ఎక్కడో ఒకచోట అచ్చవుతున్నాయని కనిపిస్తే సంతకం త్వరగా పడుతుంది.

6. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

పేరు మీద వేలు పెట్టి చదవండి. అదే విభాగంలోని మరో నలుగురికి కూడా ఆ రెండు లైన్లు సరిపోతే ఇంకా పని మిగిలి ఉంది. "వ్యవసాయ రంగంలో విశేష కృషి చేసిన శాస్త్రవేత్త" ఎవరికైనా సరిపోతుంది. 2021-22 సర్వే బృందం నాయకురాలు ఒక్కరే.

తర్వాత ఆ బయటి మనిషికి ఒక్కసారి చదవడానికి ఇచ్చి, కాగితం వెనక్కి తీసుకుని, ఏం గుర్తుందని అడగండి. "ఏదో మిరప పురుగు వచ్చినప్పుడు ఊళ్లు తిరిగారట" అంటే పాసయ్యారు. "పెద్ద సైంటిస్టు" అంటే రెండో లైను మళ్లీ రాయండి. ఇంట్లోవాళ్లని అడగొద్దు, వాళ్లకి మీ గురించి ముందే తెలుసు.

పైకి కూడా చదవండి. వేదిక మీద పరిచయం చేసే వ్యాఖ్యాత చాలాసార్లు ప్రోగ్రాం చూసే చదువుతాడు. ముప్ఫై మాటలు తాపీగా చదివితే పదిహేను సెకన్లకి అటూ ఇటూ పడుతుంది. ఎక్కడైనా నాలుక మడత పడితే వ్యాఖ్యాతకీ అక్కడే పడుతుంది.

7. పంపడం, ప్రూఫ్ చూడటం

మెయిల్లో మూడు ముక్కలు పెట్టండి: పేరు ఎలా అచ్చవ్వాలో అలా, రెండు లైన్ల పరిచయం, దాని కింద "వ్యాఖ్యాత కోసం" అని అరవై డెబ్బై మాటల మధ్యరకం పరిచయం. మూడోది ఎందుకంటే, వేదిక మీద రెండు లైన్లు చాలవనిపించి "పరిచయం అక్కర్లేని వ్యక్తి" అంటూ వ్యాఖ్యాత సొంతంగా మొదలుపెడతాడు. చేతిలో కాగితం ఉంటే అది చదువుతాడు. మన శాస్త్రవేత్త అయితే చుక్కల గీత పడిన వ్యవసాయాధికారి ఉద్యోగం, గీత పడని ఆకాశవాణి అక్కడ పెట్టుకోవచ్చు.

వాట్సాప్‌లో ఫొటో తీసి పంపొద్దు. టైపు చేసేవాళ్లు మళ్లీ కొడతారు, కొత్త తప్పులు పుడతాయి. యూనికోడ్‌లో టైపు చేసిన అక్షరాలే పంపండి. అయినా అచ్చు దగ్గర ఒక గండం ఉంది. డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే పేజీలు కడతారు, మీ యూనికోడ్‌ని మార్చి వాడతారు. ఆ మార్పులో పొల్లు తర్వాత మాట విడిగా నిలవాల్సిన చోట్లు చెడిపోతుంటాయి: "రాజేంద్రనగర్‌లో" కాస్తా "రాజేంద్రనగర్లో" అవుతుంది, "పీహెచ్‌డీ"లో చ కింద డ ఒత్తు పడుతుంది. అందుకని ప్రూఫ్ పీడీఎఫ్ తప్పకుండా అడగండి. వచ్చాక చూడాల్సినవి పేరు, ఊరు, సంవత్సరాలు, పొల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటలు. మీరు పంపిన తర్వాత, అచ్చుకి వెళ్లే ముందు మీకు బదిలీ అయినా, ప్రమోషన్ వచ్చినా కబురు చెప్పాల్సింది ఈ దశలోనే. ప్లేట్లు వేశాక ఫోన్ చేస్తే, మేం చేయగలిగేది వేదిక మీద వ్యాఖ్యాతకి చీటీ అందించడమే.